పైన కామా పెట్టు, ఎందుకైనా మంచిది

ఒసూరు సిప్కాట్‌లో ఏ కంపెనీ గేటు దాటినా ముందు కనబడేది వినాయకుడు, ఆ తర్వాత KPI బోర్డు. వినాయకుడికి రోజూ పూలు మారతాయి. బోర్డు మీద అంకెలు మాత్రం ఆడిట్‌కు ముందు రోజు రాత్రి మారతాయి. ఆ అంకెల సంగతి వినాయకుడే చూసుకుంటాడు. నా తగాదా అంతా బోర్డు నెత్తిన ఉండే హెడ్డింగుతో. అడుగు ఎత్తు ఎర్ర అక్షరాల్లో KPI'S అని ఉంటుంది. పక్క గోడ మీద SOP'S. హెచ్చార్ గది తలుపు మీద FAQ'S. తుక్కు ఇనుము వేసే డబ్బా మీద కూడా SCRAP'S అని రాసి, తుక్కుకు సైతం ఆస్తిపాస్తులు కట్టబెట్టిన మహానుభావులున్నారు.

మా కుందారపల్లి కూట్రోడ్డులో తెల్లారకముందే బస్సెక్కే పిల్లలు షిఫ్టంతా ఈ బోర్డుల కిందే నిలబడతారు. గోడ మీద అంత పెద్ద అక్షరాల్లో ఉన్నది తప్పని వాళ్లెలా అనుకుంటారు? రేపు ఆ పిల్లాడే సూపర్‌వైజరవుతాడు, వాడే ఇంకో బోర్డు రాయిస్తాడు. కామా అట్లా వంశపారంపర్యంగా దిగుతుంది.

మేనేజర్ సార్లకు ఒక చిన్న మనవి. ఇంగ్లీషులో ఆ పైన కామాకు, అంటే అపాస్ట్రఫీకి, ఉన్న ఉద్యోగాలు ముఖ్యంగా రెండు. ఒకటి, ఎక్కడో అక్షరం ఎగిరిపోయిందని చెప్పడం. రెండు, ఇది ఫలానావారిది అని చెప్పడం. ఒకటి కాదు, చాలా ఉన్నాయి అని చెప్పడం దాని పని కాదు. ఆ పని పక్కనున్న చిన్న s ఒక్కటే చేసుకుంటుంది. ఒక వెల్డింగ్ లైను తీసుకోండి. దానికి మూడు కొలతలు పెట్టారు: ఎన్ని ముక్కలు రిజెక్టయ్యాయి, సరుకు వేళకు బయల్దేరిందా, మెషీన్ ఎంతసేపు ఆగింది. ఈ మూడూ కలిపి KPIs. అందులో రిజెక్షన్ ఒక్కదాని లక్ష్యం గురించి చెప్పాలంటే the KPI's target. మూడింటి లక్ష్యాలూ చెప్పాలంటే the KPIs' targets. కామా లేని చోట మంద, s ముందు కామా ఉంటే ఒక్కదాని సొత్తు, s వెనక ఉంటే మంద సొత్తు. ఇంతే వ్యవహారం.

ఇది తెలుగు తెలిసినవాడికి కష్టమంటే నేను ఒప్పుకోను. శుక్రవారం మా ఊరి సంతకు రండి. 'మేకలు వచ్చినాయి' అంటారు. 'మేక ధర ఎంత' అంటారు. 'మేకల ధర పడిపోయింది' అంటారు. అక్షరం రానివాడు కూడా 'మేకల వచ్చినాయి' అని పొరపాటున అనడు. లు ఎక్కడ పలకాలో, అది ఎక్కడ ల అవుతుందో, అసలు ఏదీ లేకుండా ఎక్కడ సరిపోతుందో మన నోటికి పుట్టుకతో తెలుసు. కేపీఐలు అని నోటికి వస్తే KPIs. కేపీఐ లక్ష్యం అని వస్తే KPI's. కేపీఐల లక్ష్యాలు అని వస్తే KPIs'. ఈ మూడూ పెదాల మీద పెట్టుకుని, గోడ మీదికి వచ్చేసరికి 'కేపీఐ యొక్క' అని రాసి చేతులు దులుపుకుంటే ఎట్లా సార్? యొక్క ఏమిటి? కేపీఐ యొక్క తలకాయా?

మరి ఇంత తేలికైన విషయం గోడ మీద ఎందుకు తల్లకిందులవుతుంది? తెలివి తక్కువై కాదు, భయం ఎక్కువై. ఆ భయం పుట్టేచోటు ఫ్లెక్సు దుకాణం. సోమవారం ఆడిట్, శనివారం సాయంత్రం మేనేజరుగారు దుకాణంలో డిజైనర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. డిజైనర్ కుర్రాడి కీబోర్డు మీద క్యాప్స్ లాక్ దీపం పొద్దున దుకాణం తెరిచినప్పటి నుంచీ వెలుగుతూనే ఉంది, ఎందుకంటే ఫ్లెక్సు మీద అన్నీ పెద్దక్షరాలే. కుర్రాడు టకటకా KPIS అని కొడతాడు. మేనేజరుగారికి ఏదో వెలితి. 'ఇదేమిరా, కేపిస్ అన్నట్టుంది?' 'మీరు చెప్పిందే కదా సార్.' 'కాదురా, ఎస్ వేరుగా కనబడల్ల.' 'అట్లయితే పైన కామా పెడతా సార్, ఎందుకైనా మంచిది.' కామా దిగింది. ఇద్దరికీ కడుపు చల్లబడింది. KPI'S పుట్టింది.

సార్ సందేహం నిజానికి న్యాయమైనదే. KPIS నాలుగక్షరాల కొత్త పదంలాగే ఉంటుంది. నాలుగోది ఎక్కడి నుంచో వచ్చి చేరిన s అని చూసేవాడికి తెలిసే దారి లేదు. ఇదే భయంతో న్యూయార్క్ టైమ్స్ అంతటి పత్రిక చాలాకాలం పొడి అక్షరాల బహువచనాల్లో కామా పెట్టుకుంది. శీర్షికలన్నీ పెద్దక్షరాల్లో పడే రోజుల్లో వేరే దారి లేదని వాళ్ల వాదన. తర్వాత ఆ అలవాటు మానేశారు. మన దుకాణంలో దారి ఇంకా సులువు. ఆ ఒక్క అక్షరం కోసం క్యాప్స్ లాక్ ఆపితే చాలు. మిగతా బోర్డంతా ఏనుగంత అక్షరాల్లో ఉన్నా KPIs లో s ని చిన్నదిగా ఉంచితే ఎవరూ కేసు వెయ్యరు. వినైల్ కోసే మెషీన్ చిన్న s ని కూడా కోస్తుంది, దానికేమీ పట్టింపు లేదు.

కంప్యూటర్‌ను నమ్ముకున్న సార్లకు ఇంకో ముచ్చట. ఎక్సెల్ షీటులో ఎవరో KPIs అని సక్రమంగానే రాసి ఉంటారు. రిపోర్టు 'నీటుగా' ఉండాలని పైవారు ఒక ఫార్ములా తగిలిస్తారు. ఏమవుతుందో చూడండి:

```
=UPPER("KPIs")         KPIS
=PROPER("SRINIVAS'S")  Srinivas'S
```

మొదటిది ఉన్న తేడాను మింగేసింది. రెండోది కామా తర్వాత వచ్చే అక్షరాన్ని కొత్త మాట మొదలనుకుని దానికి కిరీటం పెట్టింది. ఎక్సెల్‌కు శ్రీనివాస్ తెలియడు, వ్యాకరణం అంతకన్నా తెలియదు. ఆ షీటు అలాగే ప్రింటై, సంతకమై, ఫైలై, మూడేళ్లు భద్రంగా ఉంటుంది.

కామాకు బహువచనంలో ఎప్పుడూ చోటు లేదంటే అది కూడా అబద్ధమే. ఇంగ్లీషువాళ్లు p's and q's అని ఇప్పటికీ రాస్తారు. చిన్న i కి బహువచనం రాయబోతే is అయిపోయి వాక్యం గుంతలో పడుతుంది కనుక అక్కడ కామా కాపాడుతుంది. 18వ శతాబ్దంలో అచ్చు చివర ఉన్న పరాయి మాటలకు కూడా కామా పెట్టేవారు, opera's అని. అంటే దానికి ఒక కారణం ఉండాలి, చదివేవాడు పొరపడతాడన్న కారణం. KPIs లో, FAQs లో మూడు పెద్దక్షరాల వెనక ఒక చిన్నక్షరం నిలబడితే ఎవడు ఏమని పొరపడతాడు?

ఇక్కడ ఒక పండితుడు చెయ్యెత్తుతాడు, నాకు తెలుసు. ప్రతి కంపెనీలో ఒకరుంటారు. 'FAQ లో Q అంటేనే ప్రశ్నలు కదా, దానికి మళ్లీ s ఎందుకు' అంటాడు. అయ్యా, ఎమ్మెల్యే మాటను విప్పి చూడు. బహువచనం కావలసింది మొదట ఉన్న మెంబర్‌కు. అయినా ఇంగ్లీషువాడు s ని తీసుకెళ్లి తోకకే కట్టాడు, మనమూ ఎమ్మెల్యేలు అనే అన్నాం. పొడి అక్షరాలు జనం నోట్లో పడ్డాక అవి సొంత కాళ్ల మీద నిలబడ్డ నామవాచకాలు. లోపల ఏ మాట ఏకవచనమో ఏది బహువచనమో ఎవరూ పొట్ట కోసి చూడరు. ఆ పండితుడే తెలుగులో మాట్లాడేటప్పుడు 'మన కేపీఐస్‌లు బాగున్నాయి, ఎఫ్ఏక్యూస్‌లు మెయిల్ చేస్తా' అంటాడు. ఇంగ్లీషులో ఒక్క s బరువైపోయినవాడికి తెలుగులో s మీద లు ఎక్కించడం తేలికే. కేపీఐలు అనడానికి నోరు రాదు. అది మరీ పల్లెటూరిదిగా వినబడుతుందట.

ఈ తప్పు ఇన్నేళ్లుగా గోడ మీద కూర్చుని ఉంటే ఎవరికీ చీమ కుట్టలేదు. ఆడిటర్లు వస్తారు, పోతారు. గేజు కాలిబ్రేషన్ తేదీ ఒక రోజు దాటితే పట్టుకుంటారు, అడుగెత్తు కామాను పట్టుకోరు. సరే, అది వాళ్ల ఉద్యోగం కాదు. కానీ ఒకరోజు శ్రీనివాస్ అనే పెద్దాయన రిటైరవుతాడు. వీడ్కోలు మెయిల్ రాయాలి. అప్పుడు చూడాలి కంపెనీని.

Srinivas' farewell అని ఒకరు రాస్తారు. Srinivas's farewell అని ఇంకొకరు దిద్దుతారు. హెచ్చార్‌లో రెండు పార్టీలు. నేను కాన్వెంటులో చదివానని ఒకరు, మా నాన్న హెడ్మాస్టరని ఇంకొకరు. మెయిల్ మూడుసార్లు వెనక్కి తిరుగుతుంది, సెలవులో ఉన్న జీఎం‌ను కూడా కాపీలో పెడతారు. శ్రీనివాస్ శాలువా కప్పించుకుని, కేకు తిని, ఇంటికి పోయి నిద్రపోయినా కామా యుద్ధం ఆగదు. జవాబున్న ప్రశ్న దగ్గర సర్దుకుపోయేవాళ్లు, సర్దుకుపోవలసిన ప్రశ్న దగ్గర కత్తులు నూరుతారు. నా బాధంతా ఇదే.

ఎందుకంటే s తో ముగిసే పేర్ల దగ్గర కామా వెనక ఇంకో s పెట్టాలా వద్దా అన్నది ఇంగ్లీషు పెద్దలే తేల్చుకోలేదు. అమెరికాలో పత్రికలవాళ్లు ఎక్కువమంది పాటించే అసోసియేటెడ్ ప్రెస్ పద్ధతి ప్రకారం పేరు s తో ముగిస్తే కామా ఒక్కటే చాలు. పుస్తకాలు వేసేవాళ్లు చూసుకునే షికాగో మాన్యువల్ ప్రకారం కామా, దాని వెనక s, రెండూ ఉండాల్సిందే. 2024లో కమలా హారిస్ అధ్యక్ష పోటీలోకి దిగినప్పుడు ఒక వార్తా సంస్థ Harris' అని, ఒక పత్రిక Harris's అని రాస్తూ పోయాయి. ఓట్ల లెక్కలు తేలాయి గానీ ఆ లెక్క తేలలేదు. లండన్‌లో పార్కు పేరు St James's Park. అదే ఇంగ్లండులో న్యూకాజిల్ ఫుట్‌బాల్ మైదానం పేరు St James' Park. రెండూ బోర్డుల మీద ఠీవిగా ఉన్నాయి, ఎవరి మైదానం వాళ్లది.

ఇంకా కావాలంటే అమెరికా సుప్రీంకోర్టుకు పోదాం. 2006లో కాన్సస్ రాష్ట్రం మరణశిక్ష చట్టం మీద ఒక కేసు, కాన్సస్ వర్సెస్ మార్ష్. శిక్ష పెంచే కారణాలూ తగ్గించే కారణాలూ సరిసమానంగా తూగితే మరణశిక్ష వెయ్యవచ్చా అన్నది ప్రశ్న. మనిషి ప్రాణం గురించిన మాట. అయిదుగురు వెయ్యవచ్చన్నారు, నలుగురు కూడదన్నారు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ థామస్ కాన్సస్‌కు కామా ఒక్కటే పెట్టాడు, Kansas' అని. అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ సౌటర్ Kansas's అన్నాడు. ఆ తొమ్మిదిమందిలో థామస్, రాబర్ట్స్, స్టీవెన్స్ అని ముగ్గురి పేర్లు s తోనే ముగుస్తాయి. అంటే ఇది వాళ్లకు సొంతింటి వ్యవహారం కూడా. అంత పెద్ద కోర్టు ఒకే రోజు, ఒకే కేసులో, ఒకే రాష్ట్రం పేరును రెండు రకాలుగా రాసి ఊరుకుంది. ఆ మరుసటి సంవత్సరం ఆర్కాన్సా రాష్ట్రానికి పౌరుషం పొడుచుకొచ్చింది. తమ రాష్ట్రం పేరుకు Arkansas's అనే రాయాలని శాసనసభలో తీర్మానం చేశారు. వాళ్ల వాదనలో కొంత పస ఉంది. ఆ పేరులో చివరి s కనిపిస్తుంది కానీ పలకదు, కాబట్టి పలికే s ఇంకొకటి కావాలి. సుప్రీంకోర్టే తేల్చనిదాన్ని మన హెచ్చార్ విభాగం టీ బ్రేకులో తేల్చేస్తానంటే ముచ్చటగానే ఉంటుంది.

పలుకుబడిని బట్టి పోయేవాళ్లకు ఒక దారి ఉంది. పేరు చివర ఇంకో 'ఇస్' నోటితో పలుకుతావా? పలికితే రాయి, పలకకపోతే వదిలెయ్యి. లేదా ఏదో ఒక పద్ధతి పట్టుకుని మెయిల్ మొదటి నుంచి చివరి దాకా అదే రాయి. అంతకు మించి ఇక్కడ చట్టం లేదు. ఇదీ అదీ ఒకే పేరాలో కలిపి రాయడమొక్కటే నిజమైన తప్పు, మన మెయిళ్లలో జరిగేదీ అదొక్కటే. ఇద్దరినీ నొప్పించకూడదని ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి.

ఒసూరు వాళ్లకైతే ఈ తిప్పలు అసలు లేకుండా పోయే వీలుంది. ఇక్కడ అందరికీ తెలిసిన ఫ్యాక్టరీ పేరే S తో ముగుస్తుంది, TVS. దానికి TVS' అనాలా TVS's అనాలా అని ఏ తెలుగువాడైనా ఎప్పుడైనా ఆగాడా? 'టీవీఎస్ బండి', 'టీవీఎస్ బస్సు' అని పక్కన పేర్చి వెళ్లిపోతాడు. ఇంగ్లీషు కూడా దీన్ని చక్కగా ఒప్పుకుంటుంది. TVS plant, TVS bus, ఎక్కడా కామా అక్కర్లేదు. ఎవరిది అన్నది కాక ఏ రకమైనది అన్నది ముఖ్యమైనప్పుడు పేరునే విశేషణంలా ముందు నిలబెడితే చాలు. రిటైరయ్యే మనిషి విషయంలో కూడా Farewell to Srinivas అని రాసి ఉంటే రెండు పార్టీలకూ కేకు మిగిలేది.

ఇంకో మాట, సందర్భం కాకపోయినా. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక మా వైపు బడుల్లో తెలుగు అక్షరాలకు ఏ గతి పట్టిందో అందరికీ తెలుసు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం రాసి, కంపెనీలో ఇంగ్లీషు బోర్డు చదువుతారు. మూడు భాషలు మోసే ఆ పిల్లాడు KPI's అని రాస్తే నేను వాణ్ణి ఒక్క మాట అనను. పేరు వెనక మూడు డిగ్రీలు తగిలించుకుని, వాడికి ఆ బోర్డు రాయించి ఇచ్చినవాణ్ణి అంటాను.

బహువచనానికి కామా, s తో ముగిసే పేరు గొడవ, ఈ రెండు రోగాలూ కలిసి ఒకేచోట బయటపడే వేడుక ఒకటుంది. ప్రభాస్ సినిమా రిలీజు. పేరు s తోనే ముగిసింది. కాబట్టి ఇంగ్లీషు పత్రికలు సలార్ నుంచి కల్కి దాకా Prabhas' అని కొందరు, Prabhas's అని కొందరు రాసుకున్నారు. రాసుకోనివ్వండి, ఆ గొడవకు జవాబు లేదు. కానీ థియేటరు ముందు కట్టే ఫ్లెక్సు చూడండి. PRABHAS FAN'S అని ఉంటుంది. కింద పాస్‌పోర్టు సైజు ఫొటోలు ముప్ఫై నలభై, ఒక్కొక్కరి కింద పేరు, ఊరు. పైన వ్యాకరణం మాత్రం అభిమాని ఒక్కడే అంటోంది. ఫొటోలు పెట్టుకున్న అంతమందిలో ఆ ఒక్కడు ఎవరో దుకాణంవాడికి తెలియదు, డబ్బులిచ్చినవాడికి తెలియదు. క్యూలో నిలబడ్డవాళ్లందరూ ఎవరికి వాళ్లు తామేనని అనుకుంటారు, మొదటి ఆటకు టిక్కెట్టు మాత్రం వాళ్లలో ఒక్కడికీ దొరకదు.